వెనక అట్ట మీద తొమ్మిది వాక్యాలు

"సార్, వెనక అట్ట మ్యాటర్ పడతలేదు. అక్షరం సైజన్న తగ్గించాలె, లేకుంటే మీ ఫొటో అన్న తీసెయ్యాలె."

హనుమకొండ చౌరస్తా దగ్గర డీటీపీ షాపు నడిపే మేడం అన్న మాట ఇది. పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు, సావనీర్లు, మా ఊరి కవుల సంపుటాలు ఇరవై ఏళ్లుగా ఆమె చేతి మీదుగానే పోతున్నాయి. నా మొదటి నవల లోపలి పేజీలు అప్పటికే అయిపోయాయి. అట్ట ఒక్కటే మిగిలింది, వారంలో ప్రెస్సుకు పంపాలి. ఫొటో తీసేయమనడానికి మనసొప్పలేదు. సైజు తగ్గించమన్నాను. ఆమె తగ్గించింది. తగ్గించాక కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే ఇంకో మాట అంది.

"ఏమనుకోకుండ్రి సార్. టైపు చేసుకుంట చదివిన. కథ మొత్తం తెలిసిపోయింది. ఇగ లోపలేముంది?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె కథ మొత్తం చదివితే తప్ప లోపలేముందో తెలియదులే అనుకున్నాను. బండి మీద ఇంటికి వస్తుంటే కాజీపేట దాకా అదే మాట చెవిలో తిరిగింది. ఆ మాటలో తప్పేమీ దొరకలేదు.

ఆ వెనక అట్ట మీద నేను రాసుకున్నది ఇది. సిగ్గుపడకుండా మొత్తం పెడుతున్నాను, ఒక్క వాక్యం తప్ప.

"వరంగల్ దగ్గర ఒక మారుమూల పల్లెలో కొమురయ్య అనే కౌలు రైతు భార్య పోశవ్వ, కొడుకు రాజు, కూతురు రజితలతో నివసిస్తుంటాడు. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసిన కొమురయ్య పంట చేతికొచ్చే సమయంలో గుండెపోటుతో మరణిస్తాడు. కుటుంబ భారం రజిత మీద పడుతుంది. పంట అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిన రజితకు అడ్తిదారు వెంకటేశం ఆమె తండ్రి చేసిన మూడు లక్షల అప్పు తాలూకు పత్రం చూపిస్తాడు. తల్లడిల్లిన రజిత న్యాయం కోసం పోరాటం మొదలుపెడుతుంది. ఈ పోరాటంలో ఆమెకు లాయర్ శ్రీధర్ తోడుగా నిలుస్తాడు, వారి స్నేహం ప్రేమగా మారుతుంది. (ఇక్కడ ఏడో వాక్యం.) చివరికి నిజం తెలుసుకున్న రజిత తీసుకున్న నిర్ణయమే ఈ నవల. కౌలు రైతుల కన్నీటి గాథను, మానవ సంబంధాల్లోని సంక్లిష్టతను ఆర్ద్రంగా, హృద్యంగా, కళ్లకు కట్టినట్టు చిత్రించిన ఈ నవల పాఠకుల హృదయాలను కదిలిస్తుందనడంలో సందేహం లేదు."

ఏడో వాక్యం ఇక్కడ రాయను. ఆ అప్పు పత్రం అసలు ఎలా పుట్టిందో ఆ వాక్యంలో ఉంది. నవలలో ఆ సంగతి 187వ పేజీలో బయటపడుతుంది. దాన్ని పాఠకుడి దగ్గర అంత దూరం దాచడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంత కష్టపడి దాచినదాన్ని నేనే తీసుకొచ్చి పుస్తకం వీపు మీద అంటించాను, అదీ నా ఫొటో కింద.

ఇది ఎందుకు జరిగిందో తర్వాత అర్థమైంది. వెనక అట్ట రాసేటప్పుడు నా ముందు పాఠకుడు లేడు. అవార్డు కమిటీ వాళ్లో, సమీక్ష రాసేవాళ్లో, "నవల దేని గురించి సార్?" అని అడిగే మా హెడ్మాస్టరో ఉన్నారు. వాళ్లకు కథ చెప్పాలి. పుస్తకాల షాపులో నిలబడిన మనిషికి కథ చెప్పక్కర్లేదు, కథ కావాలనిపించాలి. బళ్లో ఇరవై రెండేళ్లుగా "పాఠ్యాంశ సారాంశం రాయండి" అని పిల్లలకు ప్రశ్నలిచ్చే తెలుగు మాస్టర్ని కాబట్టి నాకు ఈ జబ్బు కాస్త ఎక్కువే. నా బ్లర్బ్‌కు, అంటే ఆ వెనక అట్ట రాతకు, పదికి పది మార్కులు వేయొచ్చు. సారాంశం అంత పకడ్బందీగా ఉంది.

ఆ రాత్రి ఒక పని చేశాను. ఒక్కో వాక్యం పక్కన, అందులోని సంగతి నవలలో ఏ పేజీలో జరుగుతుందో పెన్సిల్‌తో రాసుకున్నాను. నవల మొత్తం 212 పేజీలు. మొదటి వాక్యం పక్కన 5 పడింది. రెండో దాని పక్కన 14, మూడోదానికి 17. అప్పు పత్రం 31. పోరాటం 44. లాయరుతో స్నేహం, ప్రేమ 70 నుంచి 150 దాకా. ఏడో వాక్యం 187. ఎనిమిదోది 205. తొమ్మిదో వాక్యానికి పేజీ నంబరే లేదు, ఎందుకంటే అది నవలలో లేదు, నా ఆశలో ఉంది.

ఆ అంకెలు వరసగా చూసుకుంటే రోగం ఎక్కడుందో కనిపించింది. 5 నుంచి 205 దాకా నడిచాక పాఠకుడికి మిగిలింది ఏడు పేజీలు. ఎక్కడ ఆగాలో కూడా ఆ అంకెలే చెప్పాయి. 31వ పేజీలో రజిత చేతికి కాగితం వస్తుంది. 44వ పేజీలో ఆమె ఒక దారి పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య ఆమె ఎటూ తేల్చుకోలేదు. ఆగాల్సింది అక్కడే. అయిదో వాక్యం "పోరాటం మొదలుపెడుతుంది" అని చెప్పేయడంతో ఆ ఊగిసలాట కాస్తా తేలిపోయింది. ఏడో వాక్యం పెద్ద నేరమే, ఎవరికైనా కనిపిస్తుంది. అయిదో వాక్యం చిన్నగా, మర్యాదగా కనిపిస్తూ అసలు ఉత్కంఠను తీసేసింది. ఏడో వాక్యం ఒక్కటి కొట్టేసి సరిపెట్టుకుంటే బ్లర్బ్ బాగుపడేది కాదు.

అయిదు నుంచి తొమ్మిది దాకా కొట్టేశాను. తొమ్మిదో దాని గురించి ఒక ముచ్చట. బ్లర్బ్ అన్న మాటే ఎగతాళిగా పుట్టింది. 1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికా హాస్య రచయిత, పుస్తక వ్యాపారుల విందులో పంచిన తన పుస్తకం అట్ట మీద, నోటి పక్కన చెయ్యి పెట్టుకుని గొంతు చించుకుని అరుస్తున్న ఒక అమ్మాయి బొమ్మ వేయించి, ఆమెకు బ్లర్బ్ అని పేరు పెట్టాడు. పుస్తకాల అట్టల మీద కనిపించే సొంత డబ్బాను వెక్కిరించడానికి. "ఆర్ద్రంగా, హృద్యంగా" అని రాసిన నేను ఆ అమ్మాయి పక్కన నిలబడి అరుస్తున్నట్టే లెక్క. అందులోనూ "సందేహం లేదు" అని రాస్తే, చదివేవాడికి అంతకుముందు లేని సందేహం కొత్తగా పుడుతుంది.

ఇప్పుడు నాలుగు వాక్యాలు మిగిలాయి. తేలికైంది అనుకున్నాను. పొద్దున లేచి చదివితే ప్రాణం లేదు. కథ ముందే చెప్పేసే తప్పు పోయింది, కథ చెప్పే గొంతు మాత్రం అలాగే ఉంది. కొమురయ్య "నివసిస్తుంటాడు", "మరణిస్తాడు", అడ్తిదారు "చూపిస్తాడు". ఈ క్రియలు ఎక్కడివో టిఫిన్ తింటూ పేపర్ తిప్పుతుంటే దొరికాయి. సినిమా పేజీలో సమీక్ష. "కథేంటంటే" అని మొదలుపెట్టి, హీరో పల్లెటూళ్లో ఉంటాడు, పట్నం వస్తాడు, అమ్మాయిని చూస్తాడు, అని సాగి, "మిగతాది తెరపై చూడాల్సిందే" అని ముగుస్తుంది. ఇంకొకడు చూసొచ్చిన కథను మనకు అప్పజెప్పేటప్పుడు తెలుగులో వాడే క్రియ అది. అలా ఉంటాడు, ఇలా చేస్తాడు అనగానే వినేవాడికి ఇది జరిగిపోయిన కథ, ఎవరో కుదించి చెబుతున్నారు అని తెలిసిపోతుంది. అట్ట మీద ఆ క్రియ పెట్టినంతసేపూ, ఎన్ని వాక్యాలు కొట్టేసినా అది సారాంశంలాగే వినిపిస్తుంది.

క్రియలు మార్చాలంటే మళ్లీ రాయాలి. రాశాను. ఈసారి అవతలి గోతిలో పడ్డాను.

"ఒక పల్లె. ఒక తండ్రి. ఒక కూతురు. ఒక కాగితం. ఆ కాగితం వెనక ఏముంది? ఆమె ఆ నిజాన్ని తట్టుకోగలదా?"

ఎంత గుంభనంగా ఉందో అని మురిసిపోతూ మేడంకు వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం షాపుకు వెళితే ఆమె ఏమీ అనకుండా అల్మారాలోంచి తాను అంతకుముందు వేసిన మూడు నవలల అట్టలు తీసి బల్ల మీద పరిచింది. "ఇది వీటిలో దేనికైన పెట్టొచ్చు సార్" అంది. నిజమే. మొదటిసారి అంతా చెప్పేసి చెడగొట్టాను, ఈసారి ఏమీ చెప్పకుండా. దాచిపెట్టడం వేరు, ఆసక్తి కలిగించడం వేరు. ఏం దాస్తున్నామో కొంతైనా కనబడితే తప్ప ఎవడికీ కావాలనిపించదు. చివర్లో పెట్టిన ఆ రెండు ప్రశ్నలైతే మరీ అన్యాయం. "తట్టుకోగలదా?" అని అడిగితే చదివేవాడు "తట్టుకుంటది తియ్" అనుకుని పుస్తకం కింద పెట్టేస్తాడు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అది.

కాసేపటికి ఆమె టీ తెప్పించింది. ప్రింటర్ వేడెక్కిందని దాన్ని ఆపి, "సార్, సంతకం సంగతి ఎందుకు పెట్టలే?" అంది.

"ఏ సంతకం?"

"అదే సార్, ఆయనకు సంతకం వస్తది గద. కాగితం మీద ఏలిముద్ర ఉంటది. నేను పేజీలు పెట్టుకుంట ఆడ ఆగిన. ఆ రోజు ఇంకో రెండు పనులు ఉండె, అయినా ఆ చాప్టరు అయిపోయేదాక చదివిన."

కొంచెం వివరం చెప్పాలి. నవలలో కొమురయ్య నలభై ఏళ్లు దాటాక రాత్రి బడికి వెళ్లి సంతకం నేర్చుకుంటాడు. నేర్చుకున్నాక అదొక పిచ్చి. పాల కేంద్రం చిట్టీ మీద, కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద, ఎక్కడ దొరికితే అక్కడ చేస్తాడు. అలాంటివాడి పేరున ఉన్న అప్పు పత్రం మీద వేలిముద్ర ఉంటుంది. నవలంతా ఆ ఒక్క మేకు మీద వేలాడుతోంది. నా తొమ్మిది వాక్యాల్లో "అప్పు తాలూకు పత్రం" ఉంది కానీ వేలిముద్ర లేదు, సంతకం లేదు. ఆరుగురి పేర్లున్నాయి, ఎకరాలున్నాయి, గుండెపోటు ఉంది, నవలకు ప్రాణమైన ఆ చిన్న తిరకాసు మాత్రం లేదు.

ఎందుకు వదిలేశానా అని ఆలోచించాను. సారాంశం రాసేటప్పుడు మనిషి పెద్ద సంగతులు ఏరుకుంటాడు. చావు, అప్పు, ప్రేమ, తీర్పు. కౌలు రైతు చావు, అప్పు అనే పెద్ద సంగతులు వంద పుస్తకాల్లో ఉంటాయి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చిన్న సంగతి కాబట్టి నా జల్లెడలోంచి జారిపోయింది. నా పుస్తకానికే చెందినది అదొక్కటే.

ఆ రాత్రి రాసిన మూడో ముసాయిదా ఇలా మొదలైంది: "ఎనుమాముల మార్కెట్‌లో ఒక దొంగ వేలిముద్ర." ఊపు మీద రాసుకుపోయాను. కుట్ర, మోసం, కోర్టు మెట్లు అన్నీ పడ్డాయి. చదువుతుంటే నాకే గుండె వేగం పెరిగింది. మా ఆవిడ చదివి, "ఇది ఎవరి పుస్తకం?" అంది. నవలలో కోర్టు మొత్తం ఇరవై పేజీలు కూడా లేదు. మిగతాదంతా మిర్చి యార్డు, తల్లీకూతుళ్ల తగువులు, కల్లంలో తాలు కాయ ఏరుతూ చెప్పుకునే ముచ్చట్లు. డిటెక్టివ్ నవల అనుకుని కొన్నవాడు యాభయ్యో పేజీలో నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకుని ఊరుకోడు, నలుగురికి చెబుతాడు. పైగా "దొంగ" అన్న ఒక్క మాట కూడా తీర్పే. అది దొంగదో కాదో నవల తేల్చాలి, అట్ట తేల్చకూడదు.

అప్పుడు నాలుగోసారి, పెన్సిల్‌తో రాసుకున్న ఆ అంకెలు పక్కన పెట్టుకుని, 31వ పేజీ దాటకుండా, మేడం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టి రాశాను. దానికీ రెండు రోజులు పట్టింది. చివరకు అచ్చయింది ఇది:

"కొమురయ్యకు సంతకం వచ్చు.

నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్నాడు. పాల చిట్టీ మీద, కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద, చేతికొచ్చిన ప్రతి కాగితం మీద చేసేవాడు.

ఆయన పోయిన నెలకు, కూతురు రజిత పద్నాలుగు బస్తాల మిర్చితో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లింది. కాంటా అయ్యాక అడ్తిదారు డబ్బు ఇవ్వలేదు. ఒక కాగితం చూపించాడు. మూడు లక్షల అప్పు. కింద కొమురయ్య వేలిముద్ర.

ఒప్పుకుంటే పంట పోతుంది, ఊళ్లో మాట మిగులుతుంది. కాదంటే, నాన్న ఎన్నడూ వేలిముద్ర వేయడని నిరూపించాల్సింది ఆమే."

పాతది వంద మాటలు దాటింది, ఇది యాభై పైచిలుకు. మాటల లెక్క కంటే ముఖ్యమైన తేడాలు వేరే ఉన్నాయి. ఆరు పేర్లు రెండయ్యాయి. అడ్తిదారుకు పేరు అక్కర్లేదు, ఆయన పనే ఆయన పేరు. తమ్ముడు, తల్లి, లాయరు లేరు. లాయర్ శ్రీధర్ లేకపోవడం మా ఆవిడకు నచ్చలేదు. నవలలో ఆమెకు ఇష్టమైన మనిషి అతనే. ఎనభై పేజీలున్నవాణ్ని ఒక్క మాటైనా అనకుండా ఎట్లా వదిలేస్తారు అని అడిగింది. అతను 70వ పేజీలో వస్తాడు. 31వ పేజీ దగ్గర నిలబడ్డ రజితకు అతను ఉన్నాడనే తెలియదు. ఇప్పుడే అతని పేరు చెబితే, ఆమెకు ఎవరో తోడొస్తారని చదివేవాడికి ముందే ధైర్యం చెప్పినట్టవుతుంది. ఆ ధైర్యం అక్కడ ఉండకూడదు.

చివరి వాక్యం మీద ఎక్కువసేపు కూర్చున్నాను. ముందు "ఆమె ఏం చేసింది?" అని ఉండేది. ఆ ప్రశ్న తీసేసి, రెండు దారులు పెట్టి, ఒక్కోదానికి ఏం చెల్లించాలో పక్కనే చెప్పాను. ఒప్పుకుంటే ఇది పోతుంది, కాదంటే ఇది మీద పడుతుంది. ప్రశ్నార్థకం లేదు, అయినా చదివేవాడు లోపల ఒక పక్షం తీసుకుంటాడు.

ఆ సంగతి స్టాఫ్ రూములో తెలిసింది. డీటీపీ షాపులో కొత్త అట్టను మామూలు కాగితం మీద ప్రింట్ తీయించి, అదే కొలత ఉన్న ఒక పాత నవలకు తొడిగి బడికి తీసుకెళ్లాను. "బాగుందా సార్" అని అడగొద్దని ముందే నిర్ణయించుకున్నాను. మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. పుస్తకం బల్ల మీద పెట్టి, చదివినవాళ్లను ఒకటే అడిగాను, తర్వాత ఏమై ఉంటుందని. బయాలజీ మేడం, ఆమె ఒప్పుకోవడమే మంచిది, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు అంది. సోషల్ సార్, ఎట్ల ఒప్పుకుంటది, ఆయనకు సంతకం వచ్చుగద అన్నాడు. ఇద్దరూ బెల్లు కొట్టేదాకా వాదించుకున్నారు. పీఈటీ సార్ మధ్యలో దూరి, "ఏ చెయ్యి ఏలు అది? ఎడమదా, కుడిదా?" అని అడిగాడు. నాకు కాళ్లు వణికాయి. నవల చదవకుండానే మనిషి 187వ పేజీ గడప దాకా వచ్చేశాడు. నేను టీ తాగుతున్నట్టు నటించాను.

ఒక్క లోపం లెక్కల సార్ పట్టుకున్నాడు. అప్పటికి ఆ వాక్యంలో "రజిత పద్నాలుగు బస్తాల మిర్చితో" అని మాత్రమే ఉంది. "ఈ రజిత ఎవలు? భార్యనా?" అన్నాడు. పైన "కూతురి ప్రోగ్రెస్ కార్డు" అని ఉంది కదా అనుకున్నాను, కానీ చదివేవాడు ఆ రెంటినీ కలుపుకోడు, కలుపుకోవాల్సిన పనీ లేదు. "కూతురు రజిత" అని ఒక మాట చేర్చాను. నాలాగ ఆ మనుషులతో రెండేళ్లు కాపురం చేసినవాడికి ఇలాంటి ఖాళీ ఎన్నటికీ కనిపించదు.

మాటలు తగ్గాక అట్ట కూడా మారింది. మాది డెమీ సైజు పుస్తకం, వెడల్పు అయిదున్నర అంగుళాలు, ఎత్తు ఎనిమిదిన్నర. కింద కుడిమూల ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్‌కు, ధరకు వదలాలి, పైన ఫొటో. మధ్యలో మిగిలిన చోట పాత మ్యాటర్ పది పాయింట్లలో ఇరుక్కుని ఉండేది. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుళ్లు ఉంటాయి కాబట్టి వరసల మధ్య చోటు ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. అది లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది, పేజీ నల్లగా అలికినట్టు కనబడుతుంది. ఇప్పుడు మేడం పదమూడు పాయింట్లు పెట్టి, మొదటి వాక్యాన్ని ఒంటరిగా వదిలి, కింద ఒక వరస ఖాళీ ఇచ్చింది. ఫొటో కూడా నిలిచింది, కాస్త చిన్నదైంది, దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆ మొదటి వాక్యం ఒంటరిగా ఉండటం ఇంకోచోట పనికొచ్చింది. ఆన్‌లైన్‌లో పుస్తకం పెట్టేటప్పుడు ఈ మ్యాటరే పుస్తక పరిచయంగా వేస్తారు. ఫోనులో మొదటి రెండు మూడు వరసలే కనబడి, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. పాతదైతే అక్కడ "మారుమూల పల్లెలో కొమురయ్య అనే కౌలు రైతు భార్య పోశవ్వ, కొడుకు" దగ్గర తెగిపోయేది.

రెండు జాగ్రత్తలు ఆఖరి నిమిషంలో తీసుకోవాల్సి వచ్చింది. ఒకటి ముందుమాట. ఒక పెద్దాయన ప్రేమగా ఎనిమిది పేజీలు రాసిచ్చారు, అందులో కథ మొత్తం ఉంది, ఏడో వాక్యం సంగతి కూడా ఉంది. అట్ట మీద నేను అంత దాచి, లోపల తెరవగానే ఆయన చెప్పేస్తే ఏం లాభం? కొట్టేయమని చెప్పే ధైర్యం లేదు. దాన్ని పుస్తకం చివరికి మార్చి "వెనక మాట" అని పేరు పెట్టుకోవచ్చా అని ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నేను కూడా పుస్తకాలకు ముందుమాట చివర్లోనే చదువుతనయ్యా" అన్నారు.

రెండోది ప్రూఫు. కొత్త మ్యాటర్ నేను ఫోనులో టైపు చేసి పంపాను. మేడం దాన్ని యూనికోడ్ నుంచి అను ఫాంటుకు మార్చి పేజ్‌మేకర్‌లో పెట్టింది. మార్పిడిలో "మార్కెట్‌కు" కాస్తా "మార్కెట్కు" అయింది, ట కింద క ఒత్తు పడి. పొల్లుకు, తర్వాతి అక్షరానికి మధ్య కనిపించకుండా ఉండే అడ్డు ఈ మార్పిడిలో ఎగిరిపోతుంది. లోపలి పేజీల్లో ఇలాంటివి రెండు మిగిలిపోయినా ఎవరూ పట్టించుకోరు, యాభై మాటల అట్ట మీద ఒక్కటున్నా అదే కనబడుతుంది. అట్ట ప్రూఫు ఇద్దరం నాలుగుసార్లు చదివాం. ఒకసారి ఆమె చదువుతుంటే నేను విన్నాను. అప్పుడే "నిరూపించాల్సింది ఆమే" అన్నచోట దీర్ఘం పోయి "ఆమె" అయిందని దొరికింది. ఆ ఒక్క దీర్ఘం లేకపోతే చివరి వాక్యంలో బరువంతా పోతుంది.

అయిదు వందల కాపీలు వేశాం. ఈ అట్ట వల్ల ఎన్ని అమ్ముడయ్యాయని అడిగితే చెప్పలేను. పాత అట్టతో వేసి పోల్చి చూడలేదు కదా. సగం పైగా తెలిసినవాళ్లే కొన్నారు, వాళ్లకు వెనక అట్టతో పనిలేదు. కానీ పుస్తకాల షాపు నడిపే మిత్రుడి దగ్గర రెండు ఆదివారాలు ఓ మూల కూర్చుని చూశాను. చేతిలోకి తీసుకున్నవాళ్లు వెనక్కి తిప్పుతారు. ధర చూస్తారు. తర్వాత చదువుతారు లేదా పెట్టేస్తారు. చదివినవాళ్లు కొందరు మొదటి పేజీ తెరిచారు. నాకు కావాల్సింది అంతే. అక్కడి నుంచి పని మొదటి పేజీది.

రెండో ఆదివారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. కాలేజీ పిల్లలా ఉంది. నా నవల తీసుకుంది, వెనక్కి తిప్పింది, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్లీ పైకి వెళ్లి మొదటి వాక్యం చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. పుస్తకం తెరిచింది. నేరుగా ఆఖరి పేజీకి వెళ్లి అక్కడ నిలబడి చదవడం మొదలుపెట్టింది.

మిత్రుడు నా భుజం మీద తట్టి, "దాచినవ్ గద వారం రోజులు కూసోని" అని చెవిలో నవ్వాడు.

ఆమె పుస్తకం మూసి, జాగ్రత్తగా తీసిన చోటే పెట్టి, పక్క వరసలోంచి ఒక వంటల పుస్తకం తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లింది. ఆమె వెళ్లాక నేను అదే పుస్తకం ఇంకో కాపీ తీసి తిప్పి చూశాను. వెనక అట్ట నిండా లోపలున్న వంటల పేర్లన్నీ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వరసగా అచ్చేసి ఉన్నాయి.